మెడ వరకే తిరిగిన పలకరింపు

పదకొండున్నర అయింది. ఈయన గురక మొదలై గంట దాటింది. నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు. కారణం చెబితే మీరు నవ్వుతారు. పొద్దున బుడ్డదాని స్కూల్లో పేరెంట్స్ మీటింగుకి వెళ్ళానా, అక్కడ ఒకావిడ నన్ను "బాగున్నారా?" అని అడిగింది. అంతే.

మాటలో తప్పు లేదు, గొంతులోనూ లేదు. రికార్డు చేసి వినిపిస్తే "ఎంత మర్యాదగా అడిగిందీ" అంటారు. కానీ చూసినదాన్ని నేను. ఆవిడ పక్కావిడతో మాట్లాడుతూ కూర్చుంది. రెండో పక్క కుర్చీలో హ్యాండ్‌బ్యాగు. నేను ఎదురుగా వచ్చి నిలబడితే మెడ ఒక్కటే నా వైపు తిరిగింది. భుజాలు, మోకాళ్ళు, చెప్పులు అన్నీ పక్కావిడ వైపే ఉన్నాయి. పెదాలు రెండు పక్కలకీ సాగాయి, "బాగున్నారా?" వచ్చింది, నేను "ఆఁ" అనేలోపే మెడ వెనక్కి వెళ్ళిపోయింది. ఆ నవ్వు కూడా స్విచ్ ఆపినట్టు అక్కడికక్కడే ఆగిపోయింది. నేను "బాగున్నానండీ, మీరు?" అని సగం గాలికి చెప్పాను.

ముందు ఆ నవ్వు మీదే కోపం వచ్చింది. క్లాసుల్లో నేను చెప్పే డుషేన్ సంగతి పాత చదువరులకి గుర్తుండే ఉంటుంది. 1862లో ఆ ఫ్రెంచి డాక్టరు అచ్చేసిన పుస్తకంలో నవ్వుకి రెండు కండరాలు కావాలన్నాడు. పెదాల కొసల్ని పైకి లాగేది మన మాట వింటుంది. కంటి చుట్టూ ఉండి బుగ్గని పైకెత్తి కంటి కొసన ముడతలు తెచ్చేది మాత్రం సంతోషం ఉంటేనే కదులుతుందని ఆయన లెక్క. ఆ లెక్క పూర్తిగా నిజం కాదని తర్వాత తేలింది, రెండోదాన్ని కూడా కావాలని కదపగలిగేవాళ్ళున్నారు. నేను ఎక్కువగా నమ్మేది నవ్వు ఎలా పోతుందన్నదాన్ని. మనసులోంచి వచ్చినది మెల్లగా పైకొచ్చి మెల్లగా కరుగుతుంది, మనిషి వెళ్ళిపోయాక కూడా కాస్త మిగులుతుంది. ఈవిడది మిగలలేదు.

కళ్ళ సంగతి వేరు. "కళ్ళలోకి చూడలేదు" అని ఇంటికొస్తూ ఈయనతో అన్నాను గానీ, అది న్యాయం కాదు. 1973లో ఆడమ్ కెండన్, ఆండ్రూ ఫెర్బర్ కలిసి అచ్చేసిన పరిశోధన ఒకటుంది. ఒక పుట్టినరోజు విందుకి వచ్చినవాళ్ళు ఒకరినొకరు ఎలా పలకరించుకున్నారో ఫిల్మ్ తీసి, ముక్క ముక్కగా చూశారు. దూరం నుంచి కళ్ళు కలుస్తాయి, తల ఊగుతుంది, చెయ్యి లేస్తుంది. అక్కణ్ణుంచి దగ్గరికి నడిచి వచ్చేటప్పుడు మనుషులు చూపు పక్కకి తిప్పేస్తారు. బట్టలు సర్దుకుంటారు, జుట్టు సవరించుకుంటారు. మళ్ళీ బాగా దగ్గరికొచ్చాకే కళ్ళు కలిపి నవ్వుతారు. అంటే పలకరింపులో చూపు తప్పించడం కూడా ఒక భాగమే. నడిచి వచ్చినంతసేపూ రెప్ప వెయ్యకుండా చూస్తూ వస్తే అది స్నేహంలా కాదు, దెబ్బలాటకి వస్తున్నట్టుంటుంది. కాబట్టి చూపు ఎంతసేపుందని కాదు, ఎప్పుడుందని అడగాలి. ఆవిడ సరైన సమయానికే చూసింది. ఒప్పుకుంటున్నాను.

మరి నన్ను గుచ్చింది ఆ మెలిక. మెడ ఇటు, మొండెం అటు. దీని మీద ఎమాన్యుయెల్ షెగ్లాఫ్ 1998లో రాసిన వ్యాసం ఉంది, ఆయన దీన్ని బాడీ టార్క్ అన్నాడు. మన ఒంట్లో కింది భాగం ఎటు తిరిగి ఉంటే అది అసలు పని. దాని మీద మెడ ఒక్కటే ఇంకోవైపు తిప్పితే ఈ రెండోది కాసేపటి పనేనని, మళ్ళీ మొదటిదానికి వెళ్ళిపోతామని ఎదుటివాళ్ళకి అర్థమవుతుంది. మెలితిరిగి ఎక్కువసేపు ఉండలేం కదా. అందుకే ఆ భంగిమలో అడిగిన "బాగున్నారా?"కి "బాగున్నా" అన్న ఒక్క ముక్కే జవాబు. అదే మాట భుజాలు, మోకాళ్ళు కూడా తిప్పి అడిగితే, నిన్న రాత్రి బుడ్డదానికి వచ్చిన జ్వరం గురించి కూడా చెప్పొచ్చని అర్థం.

ఇంతవరకూ రాసి చూసుకుంటే, ఆవిడ నన్ను చిన్నచూపు చూసిందనడానికి ఇందులో సాక్ష్యం లేదు. మాటల మధ్యలో ఉంది, మధ్యలో ఉన్నానని ఒంటితో చెప్పింది. నేను కూరగాయలు తరుగుతూ ఈయన్ని రోజూ అలాగే పలకరిస్తాను. పాపం, ఆయన ఎప్పుడూ డైరీ రాసుకోలేదు.

నాన్న గుర్తొస్తున్నాడు. పార్కిన్సన్స్ అని తెలియకముందు ఏడాది. చెయ్యి వణకడం మేం గమనించకముందే ముఖం ఆగిపోయింది. ఆ జబ్బులో ముఖ కండరాల కదలిక తగ్గిపోతుంది, రెప్ప వెయ్యడం తగ్గుతుంది, గొంతు సన్నబడి ఒకే వరసలో పోతుంది, నడుం ముందుకి వంగుతుంది. ఇవన్నీ తర్వాత డాక్టరు చెప్పినవి. అప్పటికి మాకు తెలిసిందల్లా నాన్న మారిపోయాడని. ఎవరొచ్చినా "రా, కూర్చో" అనే అంటాడు, ముప్ఫై ఏళ్ళుగా అన్న మాటే. కానీ నవ్వు లేదు. రెప్ప పడని చూపు ఎదుటివాళ్ళ మీద అలా నిలబడి ఉంటుంది. ఆ మాట "ఎందుకొచ్చావ్" అన్నట్టు వినబడేది. ఆయన చిన్ననాటి స్నేహితుడు, మేం బాబాయి అనే ఆయన, ఒకరోజు వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి అమ్మతో "వదినా, వాడికి నేను రావడం ఇష్టం లేనట్టుంది" అన్నాడు. తర్వాత నాలుగు నెలలు రాలేదు. నేనేం తక్కువ తినలేదు. సెలవులకి వెళ్తే నన్ను అలాగే చూశాడని, ఏదో కోపం పెట్టుకున్నాడని, రెండు రోజులు ముభావంగా తిరిగాను.

జబ్బు పేరు తెలిశాక అమ్మే కనిపెట్టింది. "ముఖం చూడకే, మంచం చూడు" అంది. ఇష్టమైనవాళ్ళు వస్తే నాన్న "రా, కూర్చో" అంటూనే మంచం మీద ఒక పక్కకి జరిగేవాడు. ఆ జరగడానికి ఆయనకి రెండు మూడు ప్రయత్నాలు పట్టేవి. అరచేతులు పరుపు మీద ఆన్చి, ఊపిరి బిగబట్టి, జానెడు. పక్కన చోటు తయారయ్యేది. ఇన్సూరెన్స్ ఏజెంటు వచ్చినప్పుడు మాత్రం జరగలేదు. బాబాయికి ఫోన్ చేసి అమ్మ ఇదంతా చెప్పాక ఆయన వచ్చాడు. నాన్న జరిగాడు. ఆయన ఆ జానెడు చోటులో ఒదిగి కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు.

ఎక్కడ మొదలుపెట్టానో ఎక్కడికి వచ్చానో. నవ్వు చూసి మనిషిని అంచనా కట్టడం మానాలని అప్పుడే అనుకున్నాను, మళ్ళీ ఇవాళ అదే చేశాను. ఆవిడకి పంటి నొప్పేమో. పక్కావిడ ఏదో కష్టం చెప్పుకుంటోందేమో. సరే, వదిలేస్తున్నాను.

కానీ ఆ బ్యాగు. కుర్చీలో ఉన్న బ్యాగు. నేను ఎదురుగా నిలబడే ఉన్నాను, హాల్లో ఇంకో ఖాళీ కుర్చీ లేదు. మీటింగు అయ్యేవరకూ గోడకి ఆనుకుని నిలబడ్డాను. బ్యాగు తీసి ఒళ్ళో పెట్టుకోవడానికి నాన్నకి పట్టినంతసేపు పట్టదు కదా.