యాదమ్మ నుంచి స్వర్ణలతకు: అఫిడవిట్‌ను హిందీలోకి మార్చిన నా అనుభవం

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో హిందీ పండిట్‌గా పనిచేసి రిటైరై నల్లగొండలో ఉంటున్నాను. హిందీలో దరఖాస్తు రాయాలన్నా, ఉత్తరాది నుంచి వచ్చిన కాగితం చదివి చెప్పాలన్నా తెలిసినవాళ్లు నా దగ్గరికే వస్తారు. ఈసారి వచ్చింది నా దగ్గర చదువుకున్న అమ్మాయి. పెళ్లయ్యాక భర్త ఉద్యోగం వల్ల మధ్యప్రదేశ్‌లో స్థిరపడింది. అసలు పేర్లు రాయను గానీ పాత పేరు గుండెబోయిన యాదమ్మ అనీ, కొత్త పేరు గుండెబోయిన స్వర్ణలత అనీ అనుకుందాం.

యాదగిరి నరసింహస్వామి మొక్కుతో పెట్టిన పేరు మన దగ్గర ఇంటింటికీ ఉంటుంది. అక్కడ మాత్రం 'యాద్', 'అమ్మా' అని విడగొట్టి పిలిచి నవ్వేవారట. అందుకే పేరు మార్చుకుంది. సెలవులకు వచ్చినప్పుడు ఇక్కడే నోటరీ ముందు ఇంగ్లీషులో అఫిడవిట్ చేసింది. కొడుకు బర్త్ రికార్డులో తల్లి పేరు మార్పించడానికి అక్కడి ఆఫీసులో ఇస్తే, హిందీ అనువాదం తెమ్మన్నారు. ఓ డీటీపీ సెంటర్‌లో చేయించి ఇచ్చింది. అది తిరిగొచ్చింది. "సార్, ఇందులో ఇద్దరు మనుషులున్నరు, ఎవరు నువ్వు అని అడుగుతున్నరు. జర మీరే రాసియ్యాలె" అంది.

ఆ కాగితం చూస్తే గుమాస్తా అడిగింది న్యాయమే అనిపించింది. మొదటి పేరాలో స్వర్ణలతా అని ఉంది, నాలుగో పేరాలో స్వర్ణలథా అని ఉంది. మనం ఇంగ్లీషులో త రాయడానికి టి పక్కన హెచ్ పెడతాం. ఉత్తరాదిలో త అంటే ఒట్టి టి, టిహెచ్ కనిపిస్తే థ అని చదువుతారు. టైపు చేసినతను ఒకచోట విన్న పేరు, ఇంకోచోట చూసిన స్పెల్లింగు కొట్టేశాడు. డి అక్షరంతో ఇంకో చిక్కు. యాదమ్మలో అది ద, గుండెబోయినలో అదే డ. ఇంగ్లీషు స్పెల్లింగు మాత్రమే చూసేవాడికి ఆ తేడా తెలిసే దారి లేదు. యాడమ్మా అని రాసినా, గుందేబోయినా అని రాసినా అతని తప్పు కాదు.

కాబట్టి పేర్లను ఇంగ్లీషు నుంచి కాక తెలుగు నుంచి హిందీలోకి తేవాలి. ముందు ఆమెతో మూడు పేర్లూ తెలుగులో రాయించాను, ఆ తర్వాత దేవనాగరిలో రాశాను. ఇక్కడ ఇంకొకటి చూసుకోవాలి. తెలుగులో యాదమ్మ చివర హ్రస్వమే. హిందీలో అలాగే వదిలేస్తే చివరి అకారం పలకరు, 'యాదమ్మ్' అంటారు. అందుకని చివర దీర్ఘం పెట్టాలి. స్వర్ణలతకూ, ఇంటిపేరుకూ అంతే. అయితే నాకు సరైనదనిపించిన రూపం ఒక్కటే చాలదు. అక్కడి అడ్రసుకు మార్చిన ఆధార్‌లో పేరు హిందీలో అచ్చయి ఉంది, దానితోనూ కలవాలి. అదృష్టవశాత్తు కలిసింది. కలవకపోతే ముందు ఆధార్ సరిచేయించుకొమ్మని చెప్పేవాణ్ని.

తర్వాత అసలు పని, మాటల పని. ఇన్నేళ్లు పిల్లలకు నేను చెప్పింది, ఒకే పదం మళ్లీ మళ్లీ వాడకండి, పర్యాయపదాలు వేయండి అని. అఫిడవిట్‌లో అది పనికిరాదు. పదం మారితే చదివేవాడు విషయమూ మారిందనుకుంటాడు. ప్రమాణం చేసే మనిషిని ఇంగ్లీషులో డిపోనెంట్ అంటారు. పాత అనువాదంలో ఆ మాట ఒకచోట శపథకర్తా, ఇంకోచోట ఘోషణాకర్తా, సంతకం దగ్గర గవాహ్ అయింది. గవాహ్ అంటే సాక్షి. కింద ఇద్దరు సాక్షుల సంతకాలు వేరే ఉన్నాయి. అంటే ప్రమాణం చేసిన మనిషే సాక్షుల్లో కలిసిపోయింది.

నేను ఒక తెల్లకాగితం మీద గీత గీసి, ఎడమవైపు ఇంగ్లీషు మాట, కుడివైపు దానికి ఒకే ఒక్క హిందీ మాట రాసుకున్నాను. కేంద్ర న్యాయ మంత్రిత్వ శాఖ వాళ్ల లీగల్ గ్లాసరీ ఉంది, హిందీలో విధి శబ్దావళి అంటారు, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. డిపోనెంట్‌కు అందులో అభిసాక్షీ అని ఉంటుంది. శపథకర్తా కూడా తప్పేమీ కాదు, అక్కడి కోర్టుల దగ్గర అదే ఎక్కువ వినిపిస్తుంది. కానీ ఆమె స్త్రీ. కర్తా అనాలా, కర్త్రీ అనాలా అనే తర్జనభర్జన మొదలవుతుంది. అభిసాక్షీకి ఆ గొడవ లేదు. అది తీసుకున్నాను, చివరిదాకా అదే ఉంచాను.

స్త్రీ అనే మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. ఇంగ్లీషులో నేను అన్నవాళ్లు ఆడో మగో తెలియదు. హిందీలో క్రియే చెప్పేస్తుంది. డీటీపీ సెంటర్లో మగవాళ్ల నమూనా మీద పేరు మార్చి కొట్టినట్టున్నారు, సగం పేరాల్లో కర్తా హూఁ, సగంలో కర్తీ హూఁ. ప్రతి పేరా చివర క్రియ మీద వేలు పెట్టి చూడడం తప్ప దీనికి వేరే మార్గం లేదు.

ప్రారంభ వాక్యంలో సాలెమ్న్‌లీ అఫర్మ్ అని ఉంది. దానికి శపథ్ అని రాసేస్తుంటారు. దేవుడి పేరు మీద చేసేది శపథ్, దేవుడి ప్రస్తావన లేకుండా చేసేది ప్రతిజ్ఞాన్. మన రాజ్యాంగం మూడో షెడ్యూల్లో మంత్రులు, ఎంపీలు చేసే ప్రమాణం హిందీ పాఠంలో రెండూ విడివిడిగా ఉంటాయి. అదే వరుస తీసుకుని 'మైఁ సత్యనిష్ఠా సే ప్రతిజ్ఞాన్ కర్తీ హూఁ' అని రాశాను. కాగితం పేరు మాత్రం శపథ్ పత్ర్ అనే ఉంటుంది, అది అఫిడవిట్‌కు స్థిరపడ్డ మాట. తెలుగువాళ్లం ప్రమాణ పత్రం అని రాసేస్తామేమో జాగ్రత్త. హిందీలో ప్రమాణ్ పత్ర్ అంటే సర్టిఫికెట్.

అసలు ప్రాణం ఉన్నది మూడో పేరాలో. 'నా పేరును యాదమ్మ నుంచి స్వర్ణలతగా మార్చుకున్నాను, ఇకమీదట అన్ని వ్యవహారాల్లో ఆ పేరుతోనే ఉంటాను' అని ఇంగ్లీషులో ఉంది. పాత అనువాదంలో దాన్ని కుదించి 'యాదమ్మా ఉర్ఫ్ స్వర్ణలతా' అని పెట్టారు. ఉర్ఫ్ అంటే రెండు పేర్లూ నడుస్తున్నాయని అర్థం. పేరు మార్చుకున్న మనిషి వేరు, రెండు పేర్లున్న మనిషి వేరు. గుమాస్తా ఆగింది ఎక్కువగా ఇక్కడే అని నా అనుమానం. ఉర్ఫ్ తీసేసి, పాత పేరు వదిలేశాను, కొత్త పేరు పెట్టుకున్నాను, ఇకమీదట ఆ పేరుతోనే పిలవబడతాను అని పూర్తి వాక్యం రాశాను. ఇంటిపేరుకు ఉప్‌నామ్ అనే మాటనూ పక్కన పెట్టాను. కొందరు దాన్ని ఇంటిపేరు అనుకుంటారు, కొందరు మారుపేరు అనుకుంటారు. కుల్‌నామ్ అంటే ఆ సందేహం రాదు. ఆమె ఇంటిపేరు మారలేదని ఒక పేరాలో ఉంది కాబట్టి ఆ తేడా ముఖ్యమే.

వెరిఫికేషన్, అటెస్టెడ్, సర్టిఫైడ్ మూడింటికీ పాత కాగితంలో సత్యాపిత్ అనే ఉంది. ఒక పదానికి రెండు మాటలు వాడడం ఎంత చెరుపో, మూడు పదాలకు ఒకే మాట వాడడమూ అంతే. పై పేరాల్లోని విషయం నిజమని ఆమె చెప్పేది సత్యాపన్. నోటరీ తన ముందు సంతకం జరిగిందని చెప్పేది అనుప్రమాణిత్. నకలు సరైనదని చెప్పేది ప్రమాణిత్. ఎవరు దేనికి బాధ్యులో దీనివల్ల విడివిడిగా తెలుస్తుంది.

అడ్రసులో మండలం అని ఉంది. తహసీల్ అని మార్చమని ఆమె భర్త ఫోన్‌లో అన్నాడు, అక్కడివాళ్లకు అది అర్థమవుతుందని. నేను ఒప్పుకోలేదు. ఉత్తరప్రదేశ్‌లో మండల్ అంటే కొన్ని జిల్లాలు కలిసిన పెద్ద విభాగం, కాబట్టి హిందీ చదివేవాళ్లు తికమకపడొచ్చన్నది నిజమే. కానీ మూలంలో లేని తహసీల్‌ను అనువాదంలో పుట్టించే హక్కు నాకు లేదు. మూలంలో ఉన్నట్టే మండల్ అని ఉంచాను. అంకెలు కూడా 1, 2, 3 అలాగే, దేవనాగరి అంకెలు వేయలేదు. ఇంటి నంబరు, తేదీ, నోటరీ రిజిస్టర్ నంబరు పోల్చి చూసేవాళ్లకు అదే సుఖం.

పేజీ మీద ఉన్నదంతా అనువాదంలోకి రావాలి. స్టాంపు పేపర్ మీద వెండర్ రాసిన వరుస, నోటరీ ముద్రలోని అక్షరాలు, అన్నీ. సంతకం ఉన్నచోట 'హస్తాక్షర్', ముద్ర ఉన్నచోట 'నోటరీ కీ ముహర్' అని బ్రాకెట్లో పెట్టాలి. ఆమెతో మళ్లీ సంతకం చేయించకూడదు. చేయిస్తే అది అనువాదం కాదు, ఇంకో అఫిడవిట్ అవుతుంది. రెండింటిలో మాట తేడా వస్తే ఏది నమ్మాలన్న ప్రశ్న లేస్తుంది.

టైపు అయ్యాక సరిచూడడానికి ఫైల్‌లో ఫైండ్ వాడుకున్నాను. ఇంగ్లీషులో ఆ మాట ఎన్నిసార్లు వచ్చిందో, హిందీలో దాని జోడీ అన్నిసార్లు రావాలి. పేర్లకూ ఇదే పరీక్ష. లెక్క కుదరకపోతే ఎక్కడో వేరే రూపం దాక్కుందన్నమాట. యూనికోడ్‌లో టైపు చేయించి పీడీఎఫ్‌గా ఇప్పించాను, ఇంకో కంప్యూటర్లో తెరిస్తే అక్షరాలు విరగకుండా.

చివరగా నోటరీ. 1952 నోటరీల చట్టం ఎనిమిదో సెక్షన్ ప్రకారం అనువాదం చేయడం, అనువాదాన్ని సరిచూసి ధ్రువీకరించడం నోటరీ పనుల్లో ఒకటి. కానీ నేను కలిసిన పెద్దాయన మంచి ఉర్దూ మాట్లాడతారు గానీ దేవనాగరి చదవలేరు. "పండిత్‌జీ, చదవలేని దానికి సరిగ్గా ఉందని ముద్ర ఎట్ల వేస్త?" అన్నారు. ఆ మాట నాకు నచ్చింది. అందుకని వేరే దారి పట్టాం. నాకు ఇంగ్లీషు, హిందీ రెండూ వచ్చుననీ, జతపరిచిన మూలానికి ఇది నిజమైన, పూర్తి అనువాదమనీ నేను ఒక డిక్లరేషన్ ఇచ్చాను. ఆయన ముందు సంతకం చేశాను, ఆయన నా సంతకాన్ని అటెస్ట్ చేశారు. ఇలా అయితే తీసుకుంటారా అని అమ్మాయి ముందే ఆ ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కుంది. కొన్నిచోట్ల నోటరీయే అనువాదాన్ని ధ్రువీకరించాలంటారు, ఈ ఫోన్ మానొద్దు.

ఇంగ్లీషు అఫిడవిట్ జిరాక్స్, హిందీ అనువాదం, నా డిక్లరేషన్ కలిపి కుట్టి, ప్రతి పేజీ మీద చిన్న సంతకం పెట్టి ఇచ్చాను. అక్కడ ఈసారి ఏమీ అడగలేదట, ఆధార్ జిరాక్స్ ఇంకొకటి కావాలన్నారు, అంతే. ఆ మాటల పట్టిక కాగితం ఆమె కూడా ఒక కాపీ తీసుకెళ్లింది. బ్యాంకు వాళ్లకు, కొడుకు స్కూలుకు ఇచ్చే దరఖాస్తుల్లోనూ అవే మాటలు, అవే అక్షరాలు వాడమని చెప్పాను.