బిల్డర్‌కి మేం రాసిన మొదటి ఉత్తరం: యాభై శాతం అంటే దేనిలో యాభై?

మల్కాజిగిరిలో నాన్న కట్టించిన పాత ఇంటిని డెవలప్‌మెంట్‌కి, అంటే బిల్డర్ తన ఖర్చుతో ఫ్లాట్లు కట్టి అందులో మాకు వాటా ఇచ్చే పద్ధతికి, ఇద్దామనుకున్నప్పుడు, నేను మొదట రాసిన ఉత్తరం మొత్తం నాలుగు లైన్లు. "మా 600 గజాల స్థలాన్ని డెవలప్‌మెంట్‌కి ఇవ్వదలిచాం. మాకు 50 శాతం వాటా కావాలి. అడ్వాన్సు మాట్లాడుకుందాం." ఆ బిల్డర్ మర్నాడే స్వీట్ల డబ్బాతో ఇంటికొచ్చాడు. "యాభై అన్నారు, యాభై ఇచ్చేశాం అంకుల్" అన్నాడు. అమ్మ సంతోషించింది. నేనూ సంతోషించాను, ప్లాను చూసేదాకా.

కింద పార్కింగుకి వదిలిన స్టిల్ట్, దాని మీద అయిదు అంతస్తులు, అంతస్తుకి రెండు ఫ్లాట్లు. తూర్పు వైపుది 1,800 చదరపు అడుగులు, పడమర వైపుది 1,400. మొత్తం పది ఫ్లాట్లు, 16,000 అడుగులు. మాకు రాసినవి పడమర వైపు అయిదూ. లెక్కకి సగమే, పదిలో అయిదు. అడుగుల్లో చూస్తే 7,000, అంటే 44 శాతం కూడా లేదు. పైగా ముసాయిదాలో స్థలం వాటా కూడా ఫ్లాటు సైజును బట్టే పంచారు. మా 600 గజాల్లో మాకు మిగిలేది 262న్నర గజాలు. ఆయన మోసం చేశాడని అననుగానీ, నేను రాసిన మాటకి ఆయనకి లాభమైన అర్థం తీసుకున్నాడు. దేనిలో యాభయ్యో నేను చెప్పలేదు కదా.

మర్యాదగా వద్దని చెప్పి, తెలిసిన లాయరుగారి దగ్గర కూర్చుని ఉత్తరం మళ్లీ రాశాం. ఈసారి ముగ్గురు బిల్డర్లకి ఒకే ఉత్తరం, అక్షరం తేడా లేకుండా. అందరూ ఒకే ప్రశ్నలకి జవాబు చెబితేనే పోల్చి చూడగలం.

మొదటి పేరా స్థలం గురించి. డాక్యుమెంటులో 600 గజాలున్నా, లైసెన్సు ఉన్న సర్వేయరుతో కొలిపిస్తే 582 గజాలే తేలింది. ఎప్పుడో రోడ్డు వేసినప్పుడు ముందు భాగం పోయిందట. దాచిపెడదామా అని మా తమ్ముడు డల్లాస్ నుంచి ఫోన్‌లో అడిగాడు. లాయరుగారు నవ్వి, "బిల్డర్ మీకన్నా ముందే కొలుస్తాడు బాబూ, తర్వాత ఆ 18 గజాలు చూపించి మీ శాతం తగ్గిస్తాడు" అన్నారు. రెండు అంకెలూ రాశాం. ముందున్న రోడ్డు 30 అడుగులనీ రాశాం. ఎన్ని అంతస్తులకి అనుమతి వస్తుందో, చుట్టూ ఎంత ఖాళీ వదలాలో స్థలం సైజుతో పాటు రోడ్డు వెడల్పు మీదా ఆధారపడి ఉంటుంది. అది తెలియకుండా ఏ బిల్డరూ నిజమైన వాటా చెప్పలేడు.

తర్వాత హక్కుదారులు. నాన్న వీలునామా రాయలేదు. అందుకని అమ్మ, అక్క, నేను, తమ్ముడు నలుగురం సమాన వారసులం. ఉత్తరం మీద నేనొక్కణ్ణే సంతకం పెడితే బిల్డర్‌కి అనుమానం, అక్కకి కోపం. నలుగురి పేర్లూ రాసి, తమ్ముడిది మెయిల్లో సమ్మతి తెప్పించి జత చేశాం. స్థలం చేతులు మారిన పాత లింకు డాక్యుమెంట్లు, ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే 30 ఏళ్ల ఈసీ, ఆస్తి పన్ను రసీదు, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ ఉన్నాయని జాబితా మాత్రం ఇచ్చాం. జిరాక్సులు పంపలేదు. ఒరిజినల్స్ మా ఇంట్లోనే చూసుకోవచ్చన్నాం.

ఇక అసలు పేరా, వాటా. అది ఇలా రాశాం: "వాటాను ఫ్లాట్ల సంఖ్యలో కాక, అనుమతి పొందిన ప్లాను ప్రకారం మొత్తం అమ్మదగిన విస్తీర్ణంలో శాతంగా చెప్పండి. అంతస్తుల వారీగా మా ఫ్లాట్లను చిత్తు ప్లానులో గుర్తించండి. విభజించని స్థలం వాటా, పార్కింగు కూడా అదే నిష్పత్తిలో ఉండాలి. తర్వాత అదనపు విస్తీర్ణానికి అనుమతి వస్తే అందులోనూ అంతే. ఫ్లాట్లుగా సరిపోని అడుగులకు ఏ రేటున సర్దుబాటు చేస్తారో రాయండి."

మేం ఎంత శాతం కోరుతున్నామో మాత్రం రాయలేదు. దీని మీద ఇంట్లో పెద్ద గొడవే అయింది. అక్క యాభై రాయాల్సిందే అంది. నా మాటేమిటంటే, కొలమానం మనం చెప్పాలి, అంకె వాళ్లు చెప్పాలి.

మున్సిపల్ తనఖా సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. అనుమతి ఇచ్చేటప్పుడు కట్టడంలో పదో వంతు విస్తీర్ణాన్ని మున్సిపాలిటీకి తనఖా పెట్టించుకుంటారు. ప్లాను ప్రకారమే కట్టారు, ఇక ఉండొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే విడిపిస్తారు. ప్లాను తప్పి కడితే ఆ ఫ్లాట్లు ఇరుక్కుపోతాయి. కట్టేది బిల్డర్ కాబట్టి తనఖా ఆయన వాటాలోంచే ఉండాలని ఒక్క వాక్యం చేర్చాం. ఎనిమిది ఫ్లాట్లు దాటుతున్నాయి కాబట్టి, ఫ్లాట్లు కొనేవాళ్ల రక్షణ కోసం పెట్టిన రెరా చట్టం కింద చేయించాల్సిన రిజిస్ట్రేషన్ ఖర్చు, మా వాటా ఫ్లాట్ల మీద పడే జీఎస్టీ ఎవరివని కూడా అడిగాం. జీఎస్టీ ఊసు ముందే ఎత్తకపోతే తాళాలు ఇచ్చే రోజున బిల్లు చేతికొస్తుంది.

గడువు విషయంలో అందరూ "24 నెలలు" అంటారు. ఎప్పటి నుంచి? అనుమతి వచ్చిన రోజు నుంచి. మరి అనుమతికే ఏడాది పడితే? అందుకే రెండు గడువులు అడిగాం: ఒప్పందం నుంచి అనుమతికి ఎన్ని నెలలు, అనుమతి నుంచి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌తో అప్పగింతకు ఎన్ని నెలలు. అనుమతి వచ్చేదాకా మేం ఇల్లు ఖాళీ చేయబోమనీ, ఖాళీ చేసిన నెల నుంచి ఫ్లాట్లు చేతికొచ్చేదాకా అద్దె మీదేననీ రాశాం. ఇచ్చే డబ్బులో తిరిగి ఇవ్వాల్సిన అడ్వాన్సు ఎంత, తిరిగి ఇవ్వనక్కర్లేని గుడ్‌విల్ ఎంత అన్నది విడివిడిగా చెప్పమన్నాం.

చివరి పేరా పూర్తిగా లాయరుగారిదే: "ఇది చర్చల కోసం పంపిన ప్రతిపాదన మాత్రమే. డెవలప్‌మెంట్ ఒప్పందం రిజిస్టర్ అయ్యేవరకు ఎవరికీ ఏ హక్కూ, బాధ్యతా ఏర్పడవు. జవాబుకు గడువు 30 రోజులు." ఇది లేకుండా ఉత్తరంలో వాటా ఖరారు చేసి, పైన టోకెను కూడా పుచ్చుకుంటే, రేపు అదే ఒప్పందమని కోర్టుకెక్కే అవకాశం ఉంటుందట.

ఒకరు జవాబే ఇవ్వలేదు. ఇంకొకరు ఫోన్ చేసి, "యాభై పక్కా సార్, మిగతావి కూర్చుని మాట్లాడుకుందాం" అన్నారు. కాగితం మీద పెట్టమంటే మళ్లీ ఫోన్ లేదు. మూడో ఆయన రెండు పేజీల జవాబు, ఒక చిత్తు ప్లాను పంపారు. పది ఫ్లాట్లే, అదే 16,000 అడుగులు. మా వాటా 46 శాతమన్నారు.

అంకె చూసి అక్క ముఖం మాడ్చుకుంది. నేను క్యాలిక్యులేటర్ తీశాను. 46 శాతమంటే 7,360 అడుగులు, ఆ "యాభై" కన్నా 360 ఎక్కువ. తూర్పు వైపు పెద్ద ఫ్లాట్లు నాలుగు, అంటే 7,200. మిగిలిన 160 అడుగులకి, అడుగుకి 5,500 చొప్పున 8 లక్షల 80 వేలు డబ్బుగా ఇస్తామన్నారు. తనఖాకి తన వాటాలో మొదటి అంతస్తు చిన్న ఫ్లాటు ఒక్కటే సరిపోదని, రెండో అంతస్తుదీ ఆయనే రాశారు.

నాలుగు ఫ్లాట్లు, నలుగురు వారసులం. ఎవరికి ఏ అంతస్తన్న దాని మీద మాత్రం ఇంకా తేలలేదు. అమ్మ మొదటి అంతస్తు తనదేనంటోంది, లిఫ్టు పాడైతే ఎవరు ఎక్కుతార్రా అని.