సబ్‌డక్షన్ బొమ్మ ఒక్కటి పట్టుకుంటే చాలు: డయాగ్రామ్ ప్రశ్నలకు నేను ప్రిపేర్ అయిన తీరు

ఫ్రెండ్స్, భూమి పొరలు, శిలాచక్రం, పలక సరిహద్దులు పుస్తకంలో మూడు అధ్యాయాలు. మనం కూడా వాటిని విడివిడిగానే చదువుతాం. డయాగ్రామ్ ప్రశ్న మాత్రం మూడింటినీ ఒకే ఫొటోలో కలిపేసి ఇస్తుంది. అలాంటి బొమ్మలు రకరకాలుగా ప్రాక్టీస్ చేశాక, సముద్రపు పలక ఖండపు పలక కిందికి దిగే అడ్డుకోత బొమ్మే అన్నిటికంటే ఎక్కువ పని చేస్తుందని నాకు అర్థమైంది. అందుకే దాని గురించే రాస్తున్నాను.

బొమ్మ ఇలా ఉంటుందనుకోండి. ఎడమ చివర సముద్రం అడుగున ఉబ్బెత్తుగా ఉన్న రిడ్జ్ దగ్గర ఎ. అక్కడి నుంచి కుడివైపు సాగే పలక పక్కన బ్రాకెట్ వేసి బి. పలక కిందికి వంగే చోట ఉన్న ట్రెంచ్ దగ్గర సి. వంగి లోపలికి దిగుతున్న పలక మీద డి. దానికీ ఖండానికీ మధ్య ముక్కోణంలా ఉన్న భాగంలో ఇ. దాని పైన మాగ్మా గది ఎఫ్, ఆపైన అగ్నిపర్వతం జి.

ప్రశ్న చదివేలోపే నేను చేసే పని ఒకటుంది. ఒక్కో అక్షరం నుంచి వచ్చే గీత ఎక్కడ ఆగిందో చూస్తాను. గీత కొన పొర మధ్యలో ఉంటే ఆ పొరనే అడుగుతున్నారు. రెండు రంగులు కలిసే చోట ఉంటే సరిహద్దును, అంటే మోహో లాంటి విచ్ఛిన్నతను అడుగుతున్నారు. బ్రాకెట్ ఉంటే మరింత జాగ్రత్త. ఇక్కడ బి బ్రాకెట్ పైనున్న పలుచని పొరతో ఆగిపోతే అది సముద్రపు భూపటలం, సుమారు 7 కిలోమీటర్ల మందం. ఆ పొరతో పాటు కిందున్న గట్టి ప్రావారం ముక్కను కూడా కలిపి పట్టుకుంటే అది శిలావరణం, అంటే లిథోస్ఫియర్. దాని మందం 100 కిలోమీటర్ల దాకా ఉండొచ్చు. పటలం, ప్రావారం, కేంద్రం అనేది దేనితో తయారైందన్న లెక్క. లిథోస్ఫియర్, ఆస్థినోస్ఫియర్ అనేది గట్టిగా ఉందా, మెల్లగా సాగుతుందా అన్న లెక్క. పలక అంటే లిథోస్ఫియర్ ముక్క, ఒక్క పటలం కాదు. ఆప్షన్లలో రెండూ ఇచ్చి ఇక్కడే పడగొడతారు.

బొమ్మలో మందాలను కొలిచి జవాబు చెప్పే అలవాటు ఉంటే మానేయండి. భూమి వ్యాసార్ధం సుమారు 6,371 కిలోమీటర్లు. దాన్ని 6.4 సెంటీమీటర్లుగా గీస్తే, 35 కిలోమీటర్ల ఖండపు పటలం మూడో వంతు మిల్లీమీటరు వస్తుంది. పెన్సిల్ గీత కూడా అంతకంటే లావుగా ఉంటుంది. కాబట్టి పుస్తకంలో పటలాన్ని ఎప్పుడూ పెంచే గీస్తారు. రంగులదీ అదే కథ. ప్రావారానికి ఎర్ర రంగు వేస్తారు కాబట్టి అదంతా కరిగిన లావా అనుకునేవాళ్లు చాలామంది. ఎస్ తరంగాలు ద్రవంలో ప్రయాణించవు. అవి ప్రావారం గుండా హాయిగా వెళ్లి, సుమారు 2,900 కిలోమీటర్ల లోతున బాహ్య కేంద్రం దగ్గర ఆగిపోతాయి. అంటే ప్రావారం ఘనమే, ద్రవం బాహ్య కేంద్రం మాత్రమే.

ఇక ఈ బొమ్మలో అసలైన ప్రశ్న: మాగ్మా ఎక్కడ, ఎందుకు పుడుతుంది? మా స్టడీ గ్రూపులో దీని మీద పెద్ద వాదనే జరిగింది. 'పలక లోపలికి వెళ్లి వేడికి కరుగుతుంది, కాబట్టి డి' అని ఒకరు గట్టిగా పట్టుబట్టారు. చాలా గైడ్లలో ఉన్నదీ ఇదే. కానీ దిగే పలక చుట్టూ ఉన్న రాయి కంటే చల్లగా ఉంటుంది. సముద్రం అడుగున ఉన్నన్నాళ్లూ దాని ఖనిజాల్లో నీరు చేరి ఉంటుంది. లోతుకు వెళ్లేకొద్దీ ఒత్తిడి, వేడి పెరిగి ఆ నీరు బయటికి వచ్చి పైనున్న ఇ భాగంలోకి ఎక్కుతుంది. ఐసు మీద ఉప్పు చల్లితే వేడి చేయకుండానే కరిగినట్టు, నీరు తగిలిన ప్రావారం రాయి కరిగే ఉష్ణోగ్రత వందల డిగ్రీలు పడిపోతుంది. కాబట్టి ప్రధానంగా కరిగేది ఇ. అగ్నిపర్వతాల వరుస సాధారణంగా దిగే పలక సుమారు 100 కిలోమీటర్ల లోతుకు చేరిన చోటికి సరిగ్గా పైన ఉండటం కూడా ఇందువల్లే. ఎ దగ్గర కథ వేరు. అక్కడ ప్రావారం రాయి పైకి లేస్తుంటే ఒత్తిడి తగ్గి కరుగుతుంది, నీటితో పని లేదు.

పరీక్ష హాల్లో ఏం చేయాలంటే, ఆప్షన్లలో నీటి సంగతి ఉంటే అదే పెట్టండి. 'పలక కరగడం' ఒక్కటే దగ్గరగా ఉంటే దాన్ని పెట్టి ముందుకెళ్లండి. అక్కడ పేపర్ సెట్ చేసిన వాళ్లతో పోట్లాడి లాభం లేదు.

శిలాచక్రం కూడా ఈ బొమ్మలోనే ఉంది. నేను గుండ్రటి బాణాల బొమ్మ పక్కన పడేసి దీని మీదే నేర్చుకున్నాను. ఎ దగ్గర బసాల్ట్ పుడుతుంది. సి దగ్గర ఖండం నుంచి కొట్టుకొచ్చిన మట్టి, ఇసుక పేరుకుని అవక్షేప శిలలవుతాయి. డి దగ్గర అదే బసాల్ట్ ఒత్తిడికి రూపాంతరం చెంది ఎక్లోగైట్ అవుతుంది. ఎఫ్‌లో మాగ్మా లోపలే నెమ్మదిగా చల్లారితే పెద్ద స్ఫటికాల గ్రానైట్ లాంటి రాయి, జి నుంచి బయటపడి త్వరగా చల్లారితే సన్నని రేణువుల ఆండెసైట్. ఎఫ్ గోడకు ఆనుకుని సున్నపురాయి ఉంటే అది పాలరాయి అవుతుంది. 'అగ్నిశిల ముందు అవక్షేప శిలగా మారాకే రూపాంతర శిల అవుతుంది' అనే వాక్యం తప్పొప్పుల్లో వస్తే, ఎ నుంచి డి దాకా వేలు జరిపి చూడండి. బసాల్ట్ మధ్యలో ఎక్కడా అవక్షేపం కాలేదు.

ఫొటో మసకగా ఉండి బాణాలు కనపడకపోయినా కంగారు పడక్కర్లేదు. అగ్నిపర్వతం ఎప్పుడూ దిగే పలక మీద ఉండదు, పైనున్న పలక మీదే ఉంటుంది. భూకంప కేంద్రాలు చుక్కలుగా ఇస్తే, ట్రెంచ్ దగ్గర లోతు తక్కువగా మొదలై, దూరం పోయేకొద్దీ 700 కిలోమీటర్ల దాకా దిగుతాయి. చుక్కలు ఏ వైపు దిగుతుంటే పలక ఆ వైపు దిగుతోంది. సముద్రపు పటలం వయసు అడిగితే ఎ దగ్గర కొత్తది, సి దగ్గర పాతది.

బొమ్మలో మార్పులు కూడా పెద్దగా ఉండవు. రెండు వైపులా ఖండమే ఉండి, అగ్నిపర్వతం లేకుండా పటలం బాగా మందంగా కనిపిస్తే హిమాలయాల తరహా. రెండు వైపులా సముద్రమే ఉండి ట్రెంచ్ ఉంటే దీవుల వరుస. అగ్నిపర్వతం, ట్రెంచ్ రెండూ లేకుండా చుక్కలన్నీ పైపైనే ఉండి, బాణాలు పక్కపక్కనే ఎదురు దిశల్లో ఉంటే శాన్ ఆండ్రియాస్ లాంటి పరివర్తన సరిహద్దు. మన బొమ్మ మాత్రం నాజ్కా పలక దక్షిణ అమెరికా కిందికి దిగే ఆండీస్ తీరానిది.

దీన్ని ప్రాక్టీస్ చేసేటప్పుడు ఒకసారి సముద్రం ఎడమవైపు, ఇంకోసారి కుడివైపు పెట్టి అక్షరాలు లేకుండా గీయండి. అటూ ఇటూ తిప్పి ఇచ్చిన బొమ్మలో ట్రెంచ్‌ని, అగ్నిపర్వతాన్ని తారుమారు చేసినవాళ్లను మా గ్రూపులోనే చూశాను.