మాత్రికను సౌష్ఠవ, వక్ర సౌష్ఠవ భాగాలుగా విడగొట్టడం: ఈఏపీసెట్‌కి నేను చదివిన తీరు

మాది అమలాపురం. మాత్రికల చాప్టర్‌లో నేను ఎక్కువసేపు కూర్చున్నది ఈ ఒక్క లెక్క దగ్గరే. ఏ చతురస్ర మాత్రికనైనా ఒక సౌష్ఠవ మాత్రిక, ఒక వక్ర సౌష్ఠవ మాత్రికల మొత్తంగా రాయొచ్చు. సూత్రం అందరికీ తెలిసిందే:

```
P = (A + Aᵀ)/2,  Q = (A − Aᵀ)/2
```

ఈ సూత్రం ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే ఇక బట్టీ పట్టక్కర్లేదు. A = P + Q అనుకుందాం. రెండు వైపులా ట్రాన్స్‌పోజ్ తీస్తే P మారదు, Q గుర్తు మారుతుంది. అంటే Aᵀ = P − Q. రెండిటినీ కూడితే 2P, తీసేస్తే 2Q. ఇంకో P రావడానికి దారే లేదు కాబట్టి ఈ విభజన ఒక్క రకంగానే సాధ్యం. నాకు బాగా నచ్చిన ముక్క ఇదే.

```
    |  2   7  −3 |
A = |  1   5   4 |
    |  6  −2   9 |
```

నేను ట్రాన్స్‌పోజ్ విడిగా రాయను. ప్రధాన వికర్ణం మీద పెన్సిల్‌తో సన్నగా గీత గీసి, దానికి అటూ ఇటూ ఎదురెదురుగా ఉన్న జంటల్ని చూస్తాను. 7, 1 జంటలో సగటు 4, తేడాలో సగం 3. −3, 6 జంటలో సగటు 3/2, తేడాలో సగం −9/2. 4, −2 జంటలో 1, 3. వికర్ణం మీది 2, 5, 9 అలాగే P లోకి వెళ్తాయి, Q లో అక్కడ సున్నాలు.

```
    |  2    4   3/2 |        |  0    3  −9/2 |
P = |  4    5    1  |    Q = | −3    0    3  |
    | 3/2   1    9  |        | 9/2  −3    0  |
```

ముమ్మిడివరం నుంచి వచ్చే జూనియర్ ఒకడు, "అన్నా, భిన్నాలొచ్చాయి, లెక్క తప్పిందా?" అని అడిగాడు. తప్పలేదు. −3, 6 లలో ఒకటి బేసి, ఒకటి సరి. అలాంటి జంట ఉన్నచోట P, Q రెండిట్లోనూ సగాలు వస్తాయి. ఒకదాంట్లోనే వస్తే మాత్రం ఎక్కడో కూడిక తప్పినట్టే.

ఆప్షన్లలో Q గుర్తులన్నీ తిరగేసినది ఒకటి ఉండొచ్చు. అది (Aᵀ − A)/2. దాని వికర్ణం కూడా సున్నాలే, అదీ వక్ర సౌష్ఠవమే, చూడ్డానికి ఏ లోపమూ కనపడదు. అందుకే ఒక్క స్థానం కూడి చూస్తాను: మొదటి అడ్డువరుస, రెండో నిలువు వరుసలో 4 + 3 = 7, A లో ఉన్నదీ 7. తిరగేసిన Q అయితే 4 − 3 = 1 వస్తుంది, అది Aᵀ లోని మూలకం. 180 నిమిషాల్లో 160 ప్రశ్నలున్న పరీక్షలో మొత్తం తొమ్మిది స్థానాలూ సరిచూసే తీరిక ఉండదు. వికర్ణం బయట, తేడా సున్నా కాని ఒక్క జంట చూస్తే గుర్తు సంగతి తేలిపోతుంది.