మన మీద ఉపవాసం, తన మీద కారుణ్యం: ఒకే మూడక్షరాల రాత

రంజాన్ వచ్చిందంటే సూరా బఖరా 183వ ఆయత్ ఎన్నిసార్లు వింటామో లెక్కలేదు. "కుతిబ అలైకుముస్సియాము." మన తెలుగు తర్జుమాల్లో "ఉపవాసాలు విధించబడ్డాయి" అని ఉంటుంది. తప్పని అనను. కానీ "విధించారు" అనగానే మనసు జరిమానా వైపు, శిక్ష వైపు పోతుంది. ఆయత్‌లో ఉన్న మాట అది కాదు. కుతిబ అంటే "రాయబడింది". కితాబ్ ఏ మూడక్షరాల నుంచి పుట్టిందో ఇదీ అక్కడి నుంచే పుట్టింది.

కాఫ్, తా, బా. రాయడమన్న భావాన్ని మోసేవి ఈ మూడే. మన భాషలో మాట మారాలంటే దాని తోక మారుస్తాం: రాసేవాడు, రాసింది, రాసేచోటు. అరబ్బీలో మార్పు మాట కడుపులో జరుగుతుంది. మూడు హల్లులూ వరస తప్పకుండా అలాగే ఉంటాయి, వాటి మధ్య అచ్చులు మారతాయి, ఒక్కోసారి ముందు ఒక అక్షరం చేరుతుంది. మొదటి హల్లు తర్వాత దీర్ఘం, రెండోదాని తర్వాత ఇకారం పెడితే చేసేవాడు: కాతిబ్, రాసేవాడు. ముందు "మ" చేర్చి, చివరి హల్లుకు ముందు "ఊ" పెడితే పని జరిగినది: మక్తూబ్, రాయబడినది, అంటే ఉత్తరం. అదే "మ" పెట్టి మధ్యలో అకారం ఉంచితే పని జరిగే చోటు: మక్తబ్. మన మస్జిద్‌లో పిల్లలు ఖాయిదా చదివే మక్తబ్ ఇదే. గల్ఫ్‌లో పనిచేసిన మనవాళ్ళు ఆఫీసుల బోర్డుల మీద చూసే మక్తబ్ కూడా ఇదే, అక్కడ దానర్థం కార్యాలయం. ఇక కుతిబ అన్నది "రాశాడు" అనే కతబకు కర్మణి రూపం. రాసిందెవరో పేరు చెప్పలేదు, చెప్పనక్కర్లేదు కనుక.

ఈ మూసల్లో వేరే ధాతువు, అంటే వేరే మూడక్షరాలు, పోసి చూడండి. హా, కాఫ్, మీమ్ పోస్తే తీర్పు చెప్పేవాడు హాకిమ్, తీర్పుకు లోబడినవాడు మహ్కూమ్. మనం పల్లెల్లో కూడా అనే "హుకుం" ఆ ఇంటి బిడ్డే. సీన్, జీమ్, దాల్ పోస్తే సాష్టాంగపడేవాడు సాజిద్. అయితే ఆ చోటు మాత్రం లెక్క ప్రకారం "మస్జద్" కావాలి, కానీ మస్జిద్ అయింది. ఇలా ఇకారంతో వచ్చే చోటు పేర్లు కొన్ని ఉన్నాయి. మూస తెలిసినా పదాన్ని విని నేర్చుకోవలసిందే.

ఇప్పుడు నాకు ఎంతో ప్రియమైన సంగతికి వస్తాను. హిజ్రీ 395లో కన్నుమూసిన ఇబ్న్ ఫారిస్ అనే నిఘంటుకారుడు ఒక్కో ధాతువుకూ మూలభావం ఏమిటా అని వెతికాడు. క-త-బ దగ్గర ఆయన చెప్పింది రాయడం కాదు, ఒక వస్తువును మరొక వస్తువుతో చేర్చడం. ఖురాన్ పదాలకు నిఘంటువు రాసిన రాగిబ్ ఇస్ఫహానీ ఇంకా దగ్గరగా చూపిస్తాడు: తోలును తోలుతో కలిపి కుట్టడం. పాత అరబ్బీలో నీళ్ళ తోలుతిత్తికి వేసే కుట్టును కుత్బ అనేవారు. సైనికుల్ని ఒకచోట చేర్చిన దళం కతీబ. అక్షరం పక్కన అక్షరం చేరిస్తే కితాబ్. ఎడారిలో తిత్తి కుట్టు ఊడితే నీళ్ళు ఇసుక పాలే. "మీ మీద ఉపవాసం రాయబడింది" అన్నప్పుడు ఆ కుట్టును గుర్తు తెచ్చుకోండి. నెల రోజుల రోజా మనకు తగిలించిన బరువు కాదు, మనల్ని చినిగిపోకుండా పట్టి ఉంచే దారం.

ఇంతదాకా చెప్పాక ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఒకే ధాతువు కనబడిన ప్రతిచోటా ఇలా భావం లాగకూడదు. అజాబ్ అంటే శిక్ష, అజ్బ్ అంటే తియ్యని నీరు, రెంటికీ అక్షరాలు ఒకటే. ఆ పోలిక పట్టుకుని శిక్షలో తీపి ఉందని బోధిస్తే శ్రోతలు చప్పట్లు కొడతారేమో గాని, అది ఆయత్ చెప్పిన మాట కాదు.

అసలు ధాతువును గుర్తుపట్టడమే అంత తేలిక కాదు. అదే ఆయత్‌లో "సియామ్" ఉంది. అందులో "య" కనబడుతుంది కదా అని నిఘంటువులో సాద్-యా-మీమ్ కింద వెతికితే దొరకదు. ధాతువు సాద్-వావ్-మీమ్. ముందున్న ఇకారం వల్ల వావ్ యా అయింది. "సౌమ్" అన్నప్పుడు ఆ వావ్ బయటపడుతుంది. ఆయత్ చివరి "తత్తఖూన్" ఇంకా గడుసుది. దాని ధాతువు వావ్-ఖాఫ్-యా, కాపాడుకోవడం. మొదటి వావ్ తకారంలో కలిసిపోయింది, చివరి యా జారిపోయింది. క-త-బ అలా ఎక్కడా కరగదు, అందుకే ఉస్తాదులు పాఠానికి దాన్ని ఎంచుకుంటారు.

తెలుగు లిపిలో చూసి ఖురాన్ చదివేవాళ్ళ మీద నాకున్న కోపం కూడా ఇక్కడే. "మంత్రిగారు కితాబిచ్చారు" అని పత్రికల్లో చదువుతాం. ఆ కితాబు పుస్తకం కాదు. అది ఖితాబ్, అంటే బిరుదు. దాని అక్షరాలు ఖా, మందమైన తా, బా. జుమా రోజు ఖుత్బా, దాన్ని చెప్పే ఖతీబ్ ఆ ఇంటివాళ్ళు. తెలుగులో రెండూ కలిసిపోయినా నష్టం లేదు. నమాజులో కలిస్తే ఉంది. గొంతు లోపలి నుంచి రావలసిన ఖాఫ్‌ను మామూలు క చేస్తే ఖల్బ్, అంటే హృదయం, కల్బ్ అయి కుక్క అవుతుంది. ఒక్క అక్షరం జారితే మాట వేరే ఇంటికి పోతుంది. దయచేసి ఉస్తాద్ ఎదుట కూర్చుని పలుకు సరిచేయించుకోండి.

మళ్ళీ కుతిబ దగ్గరికి. దాని తర్వాత వచ్చే "అలా", అంటే "మీద", అన్న చిన్న మాటను ఎవరూ పట్టించుకోరు. అరబ్బీలో బాకీ ఎవరిదో చెప్పేది అదే. "నా మీద అప్పుంది" అంటే నేను తీర్చాలని. అందుకే "అలైకుం" అనగానే రోజా మన ఖాతాలో బాకీగా పడింది. ఇప్పుడు సూరా అన్ఆమ్ 54వ ఆయత్ తెరవండి: "కతబ రబ్బుకుం అలా నఫ్సిహిర్రహ్మ." మీ ప్రభువు తన మీద కారుణ్యాన్ని రాసుకున్నాడు. అదే ధాతువు, అదే "అలా". అల్లాహ్ మీద బాకీ రాయగలవాడు ఎవడూ లేడు, ఆయనే రాసుకున్నాడు. మన మీద ముప్ఫై రోజులు రాసినవాడు తన మీద రాసుకున్నదానికి రోజుల లెక్క పెట్టలేదు. సుబ్‌హానల్లాహ్.

ఇది విని కళ్ళు తుడుచుకుని, ఇఫ్తార్ అయ్యాక బావమరిదికి లక్ష రూపాయలు కాగితం లేకుండా ఇచ్చేవాళ్ళకు ఒక మాట. ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ బఖరా 282. అది అప్పు పత్రం గురించి. అందులో క-త-బ తొమ్మిదిసార్లు వస్తుంది. గడువు పెట్టుకున్న అప్పును రాయండి. రాసేవాడు న్యాయంగా రాయాలి, రాయనని మొరాయించకూడదు. మాటలు చెప్పి రాయించవలసింది ఇచ్చినవాడు కాదు, ఎవరి "మీద" హక్కుందో ఆ పుచ్చుకున్నవాడు, అందులోంచి ఏమీ తగ్గించకూడదు. సాక్షుల్ని పెట్టుకోండి. చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుక్కోవద్దు. చేతికి చేయి జరిగే బేరానికి మాత్రం రాయకపోయినా దోషం లేదు. "మనవాళ్ళే కదా, కాగితం అడిగితే ఏమనుకుంటారో" అన్న మొహమాటానికి ఆ ఆయత్‌లో చోటు లేదు. తొమ్మిదోసారి ఆ మూడక్షరాలు వచ్చేది "కాతిబ్"గానే: రాసినవాడికీ సాక్షికీ ఏ హానీ చేయకండి అని.