లాగౌట్ అయినా రిపోర్ట్ కనపడింది

"అన్నా, ముందు కూర్చున్న ఆయమ్మ షుగర్ రిపోర్ట్ నాకెందుకు కనపడతాంది?" కడప ఏడురోడ్ల దగ్గర నెట్ సెంటర్ పిల్లోడు పొద్దున ఫోన్ చేసి అడిగినాడు. నేను చేసిన ల్యాబ్ సైటే. ఆయమ్మ లాగౌట్ చేసే లేచిపోయిందంట, వీడు బ్యాక్ నొక్కినాడు అంతే, పేరు, వయసు, రీడింగ్ అన్నీ తెర మీదికొచ్చేసినాయి.

గుండె జారిపోయింది. కానీ రిఫ్రెష్ కొట్టమంటే లాగిన్ పేజీకి పోయింది, సర్వర్ లాగ్‌లో చూస్తే ఆ బ్యాక్‌కి రిక్వెస్టే రాలేదు. అంటే సెషన్ పోయింది గానీ బ్రౌజర్ తన దగ్గర దాచుకున్న కాపీనే చూపించింది.

నేను no-cache పెట్టి సరిపోతుందనుకున్నా. అది దాచొద్దని కాదు, మళ్ళీ వాడే ముందు సర్వర్‌ని అడగమని మాత్రమే, బ్యాక్ నొక్కినప్పుడు బ్రౌజర్ అదీ అడక్కపోవచ్చు. లాగిన్ తర్వాత వచ్చే పేజీలన్నిటికీ ఇది పెట్టినా:

```
Cache-Control: no-store
```

సీఎస్ఎస్, లోగోలు మామూలుగానే క్యాష్ అవుతాయి, వాటిలో రహస్యమేం లేదు. పాత కాపీలు మాత్రం ఈ హెడర్‌తో పోవు, అందుకే ఆ సిస్టంలో హిస్టరీ, క్యాష్ క్లియర్ చేయించి, టెస్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి లాగౌట్ చేయించి, మళ్ళీ బ్యాక్ నొక్కించినా. లాగిన్ పేజీ వచ్చింది.

ఆయమ్మకి సాయంత్రం ఫోన్ చేసి జరిగింది చెప్పాల.