బొమ్మ కింద నాలుగు లైన్లు

ఇవాళంతా ఒకటే పని. సజ్జ మొక్కల మీద ఓ రీసెర్చ్ స్కాలర్ అమ్మాయి రాసిన పేపర్‌లో ఫిగర్ 3 లెజెండు, అంటే బొమ్మ కింద రాసే వివరణ, టేబుల్ 2 కింద నోట్సు దిద్దడం. తార్నాకలో మా గల్లీ తవ్వేస్తున్నారు, జేసీబీ మోత భరించలేక కిటికీలు మూసుకుని ఫ్యాన్ కింద కూర్చున్నా.

లెజెండు మొత్తం ఇంతే: "ట్రీట్‌మెంట్ ప్రభావం. * P < 0.05." నేను ఎప్పుడూ ముందు బొమ్మ ఉన్న పేజీ ఒక్కటే ప్రింట్ తీసి, మిగతా పేపర్ ముట్టుకోకుండా చదువుతా. అలా చూస్తే ఇందులో తెల్ల బార్లు, బూడిద రంగు బార్లు, కింద G1, G2 అని ఉన్నాయి తప్ప ఏ మొక్కో, ఏం చేశారో, ఎన్నో రోజు కొలిచారో, బార్ పైన నిలబడ్డ గీత ఏంటో, స్టార్ దేనితో పోల్చి పెట్టారో ఒక్కటీ తెలీదు. ఫోన్ చేస్తే "అన్నీ మెథడ్స్‌లో ఉన్నాయి కదా మేడం" అంది. ఉన్నాయమ్మా, కానీ రివ్యూయర్ ముందు తిరగేసేది బొమ్మలే, రేపు ఎవరో ఈ బొమ్మ ఒక్కటే స్లైడ్‌లో పెట్టుకుంటే మెథడ్స్ ఎక్కడినుంచి వస్తాయి?

అసలు చిక్కు ఆ నిలువు గీతల దగ్గరే వచ్చింది. మెథడ్స్‌లో ఆ గీత ఎస్‌డీ, అంటే కొలతలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చూపేది అనీ, లెక్కలోకి తీసుకున్న కొలతలు n = 12 అనీ రాసింది. టేబుల్ 2లో అదే కొలత, G1 అనే రకంలో నీళ్లు ఆపిన మొక్కల ఆకుల్లో నీటి శాతం 71.4 ± 6.2. మరి బొమ్మలో గీత స్కేలు పెట్టి చూస్తే సుమారు 67.8 నుంచి 75 దాకానే ఉంది, అంటే అటూ ఇటూ 3.6. ఎస్‌డీ అయితే 6.2 ఉండాలి కదా. 6.2ని √3తో భాగిస్తే 3.58 వస్తుంది, √12తో అయితే 1.79. అంటే టేబుల్‌లో ఎస్‌డీ, బొమ్మలో దాన్ని √nతో భాగిస్తే వచ్చే ఎస్ఈఎం పడ్డాయన్నమాట, పైగా n కూడా 3 అయ్యుండాలి.

"కుండీలు ఎన్నమ్మా?" అనడిగా. "ఒక్కోదానికి మూడు మేడం, కుండీకి నాలుగు ఆకులు." అదీ సంగతి. నీళ్లు ఆపింది కుండీకి, ఆకుకి కాదు, ఒకే కుండీలో నాలుగు ఆకులు ఒకే మట్టి ఒకే తడి పంచుకుంటాయి కాబట్టి వాటిని నాలుగు వేరే సాక్ష్యాలుగా లెక్కేయకూడదు. ఇక స్టార్లు 12తో నడిపిన టెస్టువా, 3తో నడిపినవా అంటే "చూసి చెప్తా మేడం" అని పెట్టేసింది. ఎడిటింగ్ మనిషిగా నేను మార్చేవి మాటలే, లెక్క మార్చాల్సింది ఆ పిల్లా, వాళ్ల గైడూ.

సాయంత్రానికి ఫోనొచ్చింది, 12తోనే నడిపిందట, కుండీల సగటులతో మళ్లీ చేస్తే G1 మీద స్టార్ నిలిచింది, G2 మీద పోయింది. పాపం గొంతు దిగులుగా ఉంది. రిజల్ట్స్‌లో "రెండు రకాల్లోనూ తగ్గింది" అన్న వాక్యం కూడా మార్చాలని చెప్పా, ఎలాగూ మూడే కుండీలు కాబట్టి బార్ మీద మూడు చుక్కలు వేసి, గీతని కూడా టేబుల్‌లో లాగే ఎస్‌డీకి మార్చేయమన్నా.

చివరికి లెజెండు ఇలా తేలింది: "నీళ్లు ఆపిన 7వ రోజున రెండు సజ్జ రకాల (G1, G2) ఆకుల్లో సాపేక్ష నీటి శాతం. తెల్ల బార్లు నీళ్లు పెట్టిన మొక్కలు, బూడిద రంగు బార్లు ఆపినవి. బార్ ఎత్తు సగటు, గీత ఎస్‌డీ. n = 3 కుండీలు; చుక్క ఒక్కో కుండీ, నాలుగు ఆకుల సగటు. * అదే రకంలో నీళ్లు పెట్టిన వాటితో పోలిస్తే P < 0.05, టూ-వే అనోవా తర్వాత ట్యూకీ టెస్టు." నీటి శాతం లెక్కగట్టే ఫార్ములా, ఆకుల్ని నానబెట్టిన గంటలు కూడా ఇరికిద్దామంది, వద్దన్నా. బొమ్మ చదవడానికి అవి అక్కర్లేదు, అవి మెథడ్స్‌లోనే ఉండనీ.

టేబుల్‌ది ఇంకో గోల. అంకెల పక్కన పైకెత్తి a, b, ab అని ఉన్నాయి, అవి ట్యూకీ గ్రూపులు. కింద ఫుట్‌నోటుకి కూడా a అనే పెట్టింది, "శాంపిల్ ఒకటి పాడైంది" అని. చదివేవాడు a ఉన్న ప్రతి గడిలోనూ శాంపిల్ పాడైందనుకోడా? ఫుట్‌నోటుని † చేసి, "ఒకే కాలమ్‌లో ఒక్క అక్షరమైనా ఉమ్మడిగా ఉన్న సగటుల మధ్య P < 0.05 దగ్గర తేడా తేలలేదు" అని రాశా, ఆ "ఒకే కాలమ్‌లో" లేకపోతే అడ్డంగా పోల్చేస్తారు మరి.

ఇంకా రెండు గడుల్లో డ్యాష్ ఉంది. ఒకటి అసలు కొలవలేదట, ఇంకోటి కొలిస్తే మెషిన్ పట్టుకోలేనంత తక్కువొచ్చిందట. రెండిటికీ ఒకే గీతా! మొదటిదాన్ని "కొలవలేదు" అని, రెండోదాన్ని "డిటెక్షన్ లిమిట్ కంటే తక్కువ" అని విడదీశా, ఆ లిమిట్ ఎంతో ల్యాబ్ రికార్డు చూసి రేపు పంపుతానంది, అప్పటిదాకా అక్కడ పసుపు హైలైట్ పెట్టి వదిలేశా.